పలకల మీద బొట్టు

మా డాబా మీద సోలార్ పలకలు పెట్టిన రోజున ఒక్కోదానికీ పసుపు రాసి కుంకుమబొట్టు పెట్టాను. సూర్యనారాయణమూర్తి ఇంటికొచ్చాడనుకున్నాను. ఏడాది తర్వాత నేరం ఆ బొట్టు మీదికే వచ్చింది.

పలకలు బిగించింది పలాసలో దుకాణం ఉన్న అబ్బాయి. బిల్లు సున్నా అన్నాడు. సున్నా ఒక్క నెలా రాలేదు. సబ్సిడీ కాగితాలు పంపేటప్పుడు, "మీటరు మా మామగారి పేరునుంది, ఆయన పోయారు నాయనా" అని చెప్పాను.

"ఏటీ అవదు పిన్నీ, నాను సూసుకుంటాను" అన్నాడు.

మీటరు పేరు, మా ఆయన బ్యాంకు ఖాతా పేరు కలవక సబ్సిడీ ఆగిపోయింది. మరణ పత్రం పట్టుకుని కరెంటాఫీసు చుట్టూ మా ఆయనే తిరిగి పేరు మార్పించుకున్నారు. ఆలస్యమైనా డబ్బు పడింది. దేవుడి దయ.

కరెంటు తక్కువ వస్తోందని ఫోన్ చేస్తే "రేపొత్తాం" అనేవాడు. ఎన్నో రేపులయ్యాక వచ్చి, పైకెక్కి చూశాడు.

"ఏటి పిన్నీ ఇది! అద్దం మీద బొట్లెడితే కరెంటెలాగొస్తాది? పూజలు మానేసి తుడుసుకోండి."

లెంపలేసుకుని తడిగుడ్డతో అన్నీ తుడిచాను. కరెంటు పెరగలేదు. ఫోన్లో కరెంటెంత వస్తోందో చూపించే గీత చూస్తే పొద్దున్న బాగానే లేస్తోంది, రోజూ మూడింటికి దబ్బున పడిపోతోంది. బొట్టే కారణమైతే పొద్దున్న మాత్రం ఎందుకు ఊరుకుంది?

మూడింటికి డాబా ఎక్కాను. పడమటి వైపు నీళ్ల ట్యాంకు నీడ రెండు పలకల మీద పడుకుని ఉంది. రెండింటి మీద నీడ పడితే ఆ వరుసంతా మందగిస్తుందట. ట్యాంకు ముందునుంచీ అక్కడే ఉంది. ఆ అబ్బాయి కొలతలకి వచ్చింది పొద్దున్న పూట, నీడ అవతలికి పడే వేళ.

ఫోటో పంపితే జవాబు లేదు. నెల తర్వాత తనే వచ్చాడు, నవ్వుతూ. కంచిలిలో ఉన్న మా ఆడపడుచు తన ఇంటికీ పలకలు పెట్టించుకోడానికి బయానా ఇవ్వడానికి సిద్ధంగా ఉందట, నా మాట కోసం ఆగిందట. ఆవిడకి ఫోన్ కలిపి నా చేతికిచ్చాడు.

"వదినా, నువ్వు బాగుందంటే ఇచ్చేత్తాను. సెప్పు."

అతను చేతులు జోడిస్తున్నాడు. ఎవరి గురించీ చెడ్డ చెప్పని నోరు నాది. కానీ అది ఆవిడ చీటీ పాడి దాచుకున్న డబ్బు.

"పలకలు మంచివేనమ్మా. మీటరు ముందు నీ పేరున మార్పించుకో. కొలతలకి మాత్రం మజ్జాన్నం మూడింటికి రమ్మను. పొద్దున్నొత్తే గుమ్మం ఎక్కనీకు."

"మూడింటికేటి వదినా?"

"అబ్బాయినే అడుగు" అని ఫోన్ అతని చేతికిచ్చాను.

"ముందు మీ వదినగారి ట్యాంకు మార్సి, అప్పుడొత్తానండి" అన్నాడు.

మర్నాడే ఇద్దరు మనుషుల్ని తీసుకొచ్చి ట్యాంకుని ఉత్తరం వైపుకి జరిపించాడు. మూడింటికి గీత పడలేదు. నా చేతులు ఊరుకోక అతనికి దండం కూడా పెట్టాను. తర్వాత పలకలకి మళ్లీ బొట్లు పెట్టాను, ఈసారి అద్దం మీద కాదు, అంచు రేకు మీద.