ఊరుకోవడం నేర్పిన పిల్లి మేడమ్

శిక్షణ కళాశాలలో మాకు మనస్తత్వశాస్త్రం చెప్పినావిడను చాటుగా పిల్లి మేడమ్ అనేవాళ్లం. ఆవిడకు తెలుసు. హాజరు పిలిచేటప్పుడు ఎవరైనా మ్యావ్ అంటే, "సరే, ఉన్నాడు" అని టిక్కు పెట్టేది. పెచ్చులూడిన మా తరగతి గదిని ఇప్పుడు కూలగొట్టేశారు. నన్ను చదువుకున్నవాడిగా చూసిన గది అదొక్కటే.

"పెట్టెలో పెట్టిన పిల్లి గీరింది, కరిచింది. ఎప్పుడో పంజా తగిలి తలుపు తెరుచుకుంది. మళ్లీ మళ్లీ పెడితే రానురాను త్వరగా బయటపడింది. కానీ గడియ ఎలా పనిచేస్తుందో దానికి కనబడదర్రా! చింపాంజీకైతే కర్రా, అందని పండూ ఒకే చూపులో పడ్డాయి. కర్రతో లాక్కోవచ్చని ఠక్కున అర్థమైంది. మీరు సగం దాచేసి, పిల్లల్ని మొద్దులంటారు," అంటూ ఎప్పుడూ ఆ పిల్లి ప్రయోగమే చెప్పేది మేడమ్.

బోధన పరీక్షలో నేను అప్పటికే ఒకసారి తప్పాను. మళ్లీ తప్పితే బావ గోడౌనులో బస్తాలు మోయాలి.

రెండోసారి పరీక్ష రోజు బడిలో, పిల్లల వెనక బెంచీలో బయటినుంచి వచ్చిన పరీక్షకుడు, పక్కన మేడమ్. బోర్డు మీద వృత్తం గీశాను. లోపల దీర్ఘచతురస్రం: ఒక మూల సరిగ్గా కేంద్రం మీద, దానికెదురు మూల వృత్తం మీద. మిగతా రెండు మూలల్నీ కలుపుతూ కర్ణం గీసి, "వ్యాసార్థం పది. ఈ కర్ణమెంత?" అన్నాను.

"ఐదు!" "ఎనిమిది సార్!" "పది!"

పది సరైనదే. పరీక్షకుడు తల ఊపాడు. శభాష్ అనేస్తే గట్టెక్కినట్టే. కానీ అది పిల్లి పంజాలా గుడ్డిగా తగిలిన జవాబు. అదే వృత్తంలో దీర్ఘచతురస్రాన్ని సన్నగా, పొడుగ్గా మార్చి గీశాను. "ఇప్పుడు?"

"పన్నెండు సార్," అన్నాడు పది అన్నవాడే.

"జవాబొచ్చింది కదయ్యా, ముందుకు పోనీ!" అన్నాడు పరీక్షకుడు.

వాళ్లకే కనబడాలని, జవాబు చెప్పకుండా నేను ఊరుకున్నాను. అంతలో రెండు జడల అమ్మాయి మెడ వంచి చూసి, పరుగున వచ్చి కేంద్రం నుంచి ఎదురు మూలకు గీత లాగింది.

"ఇదీ కర్ణమే! రెండూ సమానం! ఇది వ్యాసార్థం కదా సార్!"

గంట కొట్టారు. "పాఠం సగమే అయింది. లాభం లేదు," అన్నాడాయన కలం తీస్తూ.

"ఒక్క నిమిషం బాబుగారూ," అంది మేడమ్. "మీకిష్టమొచ్చినట్టు ఇంకోటి గీయండి."

ఆయన విసుక్కుంటూ వ్యాసార్థం ఏడని రాసి, చీపురుపుల్లంత దీర్ఘచతురస్రం గీశాడు.

"ఏడు!" అని అరిచారు పిల్లలు. పన్నెండు అన్నవాణ్ణి ఎందుకని నేను అడిగితే, లేచొచ్చి రెండో కర్ణం గీసి చూపించాడు.

ఆయన బొటాబొటీగా పాస్ మార్కులేశాడు.

"బతికిపోయావు నాయనా," అంది మేడమ్ మెట్ల దగ్గర. "నువ్వింకాసేపు ఊరుకుంటే ఆగలేక నేనే లేచి జవాబు చెప్పేసేదాన్ని."