లిఫ్టు మెకానిక్కు కొట్టేసిన మాట

లిఫ్టు మెకానిక్కుకు వయొలిన్ పిచ్చి పట్టిందని తెలిసినప్పుడు వాళ్ళావిడ ముక్కున వేలేసుకుంది. జుట్టు సగం నెరిశాక ఇదేం సరదా అంది. ఆయన వినిపించుకుంటేనా! వారమంతా మోటారు గదుల్లో గ్రీజు పూసుకు తిరిగే మనిషి, ఆదివారం వచ్చేసరికి గోళ్ళ సందుల్లో నలుపు పోయేదాకా చేతులు తోముకుని, వయొలిన్ పెట్టె చంకన పెట్టుకుని, పాఠం చెప్పే టీచరమ్మ ఇంటికి పరిగెత్తేవాడు. వాయించే కమాను తీగ మీద గీరుకోకుండా నడవడానికే ఏడాది పట్టింది. ఆ ఏడాది పక్కింటివాళ్ళు ఎలా భరించారో వాళ్ళకే తెలియాలి.

అలాంటిది, ఒక ఆదివారం పాఠం అయ్యాక టీచరమ్మ నెమ్మదిగా చెప్పింది. విదేశంలో ఒక సంగీత పాఠశాలలో ఉద్యోగం వచ్చింది, ఇంటిల్లిపాదీ వెళ్ళిపోతున్నారు, ఇక వచ్చేవారమే ఆఖరి క్లాసు. "చాలా సంతోషం మేడమ్" అని నవ్వుతూ బయటికొచ్చాడు. బస్‌స్టాపులో నిలబడ్డాక గానీ ఏడుపు రాలేదు.

"మనసులో మాట నోటితో చెప్పడం మీవల్ల కాదు గానీ, ఒక ఉత్తరం రాసివ్వండి" అంది భార్య.

భోజనాల బల్ల తుడుచుకుని కూర్చున్నాడు. "మేడమ్, మొదటిరోజు మీ ఇంట్లో ఉన్నవాళ్ళందరూ చిన్నపిల్లలే. నేను గుమ్మంలోంచే వెనక్కి తిరిగాను. మీరు వాళ్ళను జరగమని నాకు పెద్ద కుర్చీ తెచ్చి వేశారు. ఆ కుర్చీకి రుణపడి ఉంటాను" అని రాశాడు. ఇంకా చాలా రాశాడు. చివర్లో "మీరు లేకపోయినా రోజూ సాధన చేస్తాను, మాటిస్తున్నాను" అని కూడా రాసి, ఆ మాట అబద్ధం కాకూడదని అప్పటికప్పుడే వయొలిన్ తీశాడు.

మూడో తీగను బిగించే బిరడా జారిపోయి ఉంది. తీగ వదులుగా వేలాడుతోంది.

ఎప్పుడైనా ఇలా అయితే ఆయన చేసే పని ఒక్కటే. పెట్టె మూసేసి ఆదివారం దాకా ఆగడం. క్లాసుకు వెళ్ళాక, ఆయన మంచినీళ్ళు తాగి వచ్చేలోపు టీచరమ్మ నాలుగు తీగలూ శ్రుతి చేసి చేతికిచ్చేది. ఇన్నేళ్ళూ అది తనకు రాని విద్య అని ఆయనకు తట్టనే లేదు. ఇప్పుడు బోల్టు బిగించినట్టు బిరడాను ఒక్క తిప్పు తిప్పాడు. తీగ ఫట్‌మని తెగి వేళ్ళ మీద చురుక్కుమంది.

కలం తీసుకుని చివరి మాట కొట్టేశాడు.

"కొట్టేయడం ఎందుకండీ? అలా ఉండనివ్వండి, ఆవిడకేం తెలుస్తుంది?" అంది భార్య.

"లిఫ్టు తాడు చూడకుండానే బాగుందని సంతకం పెడతానా?" అని కసురుకున్నాడు. కొట్టేసిన మాట కింద, "ఈ మాట ఇవ్వలేను మేడమ్. నాకు శ్రుతి చేసుకోవడం రాదు. మీరు వెళ్ళాక తీగ వదులైతే ఈ పెట్టె ఇక తెరవను. ఆ సంగతి తెలిసి భయమేస్తోంది" అని రాశాడు.

ఆఖరి ఆదివారం ఆ ఇంట్లో అన్నీ అట్టపెట్టెలే. మాట్లాడితే గోడలు మారుమోగుతున్నాయి. టీచరమ్మ ఉత్తరం నిలబడే చదివింది.

"తప్పు నాదేనండీ. ఉండేది గంట, అది కాస్తా శ్రుతికే అయిపోతుందని నేనే చేసిచ్చేదాన్ని" అంది. కొత్త తీగ వేసి, నాలుగు బిరడాలూ వదులు చేసేసింది. "ఈరోజు పాట లేదు. ఇదే పాఠం."

బిరడాను తిప్పుతూనే లోపలికి నొక్కాలి, లేకపోతే జారుతుంది. శ్రుతి పెట్టెలో స స్వరం మోగుతుంటే ముందు ఒక తీగను దానికి కలపాలి. తరవాత ఆ తీగనూ పక్కదాన్నీ కలిపి కమానుతో వాయించాలి. తేడా ఉంటే నాదం వణుకుతుంది. దగ్గరపడేకొద్దీ వణుకు నెమ్మదిస్తుంది. కుదిరితే ఆగిపోతుంది. ఆమె చెప్పడమే గాని వయొలిన్ ముట్టుకోలేదు. ఆయనకు చెమటలు పట్టాయి. బిరడా జారింది, మళ్ళీ తిప్పాడు, మళ్ళీ జారింది.

చివరికి నాలుగో తీగ దగ్గరికొచ్చి, "సరిపోయిందా మేడమ్?" అనడిగాడు.

ఆమె చేతులు కట్టుకుంది. మళ్ళీ అడిగాడు.

"వచ్చే ఆదివారం ఎవర్నడుగుతారు?" అంది టీచరమ్మ.

ఆయన తల వంచుకుని రెండు తీగలూ మళ్ళీ వాయించాడు. కళ్ళు మూసుకుని విన్నాడు. ఎక్కడో సన్నగా వణుకుతోంది. బిరడాను కొద్దిగా, కదిలిందో లేదో అన్నంతగా నొక్కి తిప్పాడు. వణుకు ఆగింది. ఆ నాదం ఖాళీ గదంతా నిండింది.

ఈసారి సరిపోయిందా అని ఆమెను అడగలేదు. అడగనందుకే టీచరమ్మ అటు తిరిగి ఏడ్చింది.