సూర్యుడి పేరెత్తకుండా

ఖాజా మొహినుద్దీన్ చాచా ముప్పై ఏళ్లు కుంచెతో దుకాణాల బోర్డులు రాశాడు. కొత్తవాడలో వాళ్లింట్లో మిగతా మగవాళ్లంతా జంపఖానాలు నేసినవాళ్లే. మగ్గం మీద కూర్చోలేక ఆయనొక్కడు నిచ్చెన ఎక్కాడు. ఫ్లెక్సీలు వచ్చాక నిచ్చెన దిగి, ఓంప్రకాశ్ గారి ప్రింటింగ్ షాపులో కుర్చీ వేసుకున్నాడు. ఇప్పుడు ఆ కుర్చీ కూడా కదులుతోంది. ఏం బొమ్మ కావాలో మాటల్లో చెబితే కంప్యూటరే గీసి ఇస్తోంది. ఆ చెప్పడాన్ని ప్రాంప్టు అంటారు. చాచాకు ఇంగ్లీషు రాదు కాబట్టి ఆయన చెప్పింది టైపు చేయడానికి, కాలేజీ అయ్యాక మధ్యాహ్నాలు నేను వచ్చేదాన్ని.

ఆ శుక్రవారం ఓంప్రకాశ్ గారు అందరికీ వినబడేలాగే అన్నాడు.

"ఖాజా భాయ్, ఈ సోలార్ బ్యానర్ నీకు ఆఖరి పరీక్ష. మిషిన్‌తోని పని చేపిచ్చుకునుడు నీకొస్తే ఉండు. రాకపోతే ఒకటో తారీకు నుంచి ఆ పిల్ల ఒక్కతే చాలు."

నేను తల వంచుకున్నాను. చాచా మాత్రం నమాజుకు వెళ్లొచ్చిన టోపీ మడిచి జేబులో పెట్టుకుంటూ, "సరే సేఠ్" అన్నాడంతే.

బ్యానర్ యమునక్కది. ఇళ్ల మీద సోలార్ పలకలు బిగించే పని ఆమెది. మర్నాడు పొద్దున నర్సంపేట మార్కెట్ యార్డు దగ్గర ఆమె స్టాల్ పెడుతోంది. సామాను వ్యాన్ సాయంత్రం అయిదుకు బయలుదేరుతుంది. ఆమె కాగితం మీద రాసిచ్చింది మూడే ముక్కలు: ఇండ్ల డాబాలు, నిర్మలమైన ఆకాశం, సంతోషంగా ఉన్న కుటుంబం.

మొదటిసారి వచ్చిన బొమ్మలో ఏటవాలు ఎర్రపెంకుల ఇళ్లు, కోట్లు వేసుకున్న మనుషులు.

"ఇది ఎవ్వల ఊరు బేటా? మన ఇండ్లు చెప్పు. సిమెంటు స్లాబు, చుట్టూ పిట్టగోడ, మూలకు నల్ల నీళ్ల ట్యాంకు."

చెప్పాను. రెండోసారి మన ఇల్లే వచ్చింది. చాచాకు ఉత్సాహం వచ్చింది. కాటన్ చీర కట్టుకున్న తల్లి, లుంగీ తాత, బడి బట్టల్లో పాప అన్నాడు. ఎడమవైపు ఆకాశం ఖాళీగా ఉంచమన్నాడు. తెలుగు అక్షరాలు కంప్యూటర్ బొమ్మలో వంకరటింకరగా వస్తాయి కాబట్టి వాటిని మేమే విడిగా పెడతాం. చివరగా, అలవాటు కొద్దీ, "ఎనుకంగ పొడుస్తున్న సూర్యుణ్ణి పెట్టు" అన్నాడు.

ఆయన రాసిన ప్రతి బోర్డులోనూ అంతే. బియ్యం మిల్లయినా, బట్టల దుకాణమయినా, సరుకు వెనుక నుంచి కిరణాలు విచ్చుకున్న సూర్యుడు ఉండాలి. శుభం అని.

బొమ్మ అందంగా వచ్చింది. పెద్దది చేసి అక్షరాలు పెట్టి ప్రింటుకు పంపాం. పదికి ఆరు అడుగుల ఫ్లెక్సీ మిషన్ లోంచి దిగి, అంచులకు తాళ్లు కట్టే రింగులు కూడా పడ్డాయి. అప్పుడు మూడు దాటింది.

యమునక్క వచ్చి బ్యానర్ ముందు నిలబడింది. ముందు నవ్వింది. తర్వాత నవ్వు ఆగిపోయింది.

"చాచా, సూర్యుడు యాడున్నడు?"

"ఎనుక."

"పలకలు ఎటు చూస్తానయ్?"

చాచా చూశాడు. పలకల మెరిసే మొహాలు మావైపు వాలి ఉన్నాయి. సూర్యుడు వాటి వీపు మీద ఉన్నాడు.

"పోయినేడు మా దిక్కు ఎవడో వచ్చి ఉత్తరం మొహాన బిగిచ్చిపోయిండు," అంది యమునక్క. "కరెంటు సరిగ రాక ఊరోళ్లు మోసపోయినమని మొత్తుకున్నరు. అప్పటిసంది ఏ రైతన్నా నన్ను అడిగే మొదటి మాట ఏంది? ఏ దిక్కుకు పెడ్తవు బిడ్డా అని. నేను దక్షిణానికి, ఎండకు ఎదురుగ అని చెప్తాంటే, నా నెత్తి మీద ఇది వేలాడుతాంటదా?"

పాప నీడ కూడా పొడుగ్గా సాగి ఒక పలక మీద పడిందని ఆమె వేలితో చూపించింది. ఒక్క పలక మీద నీడ పడినా దానితో కలిపిన వరుసలో కరెంటు తగ్గుతుందట.

ఓంప్రకాశ్ గారు గల్లా దగ్గర నుంచి లేచి వచ్చాడు. "అరవై స్క్వేర్ ఫీట్ల ఫ్లెక్సీ పాయె. చూసినవా ఖాజా భాయ్?"

టైపు చేసింది నేనే, నాకూ తట్టలేదు అని చెప్పాలనుకున్నాను. కీబోర్డు వైపు తిరిగాను.

"ఇంకోటి తీస్తం సేఠ్. అయిదు కాలే," అన్నాడు చాచా.

"తియ్. ఇదే ఆఖరు."

'ఆకాశంలో సూర్యుడు వద్దు' అని టైపు చేశాను. బొమ్మ వచ్చింది. ఇంటి వెనుక, ఇంతకుముందుకన్నా పెద్ద సూర్యుడు. 'సూర్యుడు అసలు కనిపించకూడదు' అన్నాను. ఈసారి రెండు సూర్యుళ్లు.

"ఇదేం మిషిన్ అన్నా, మా ఆయన లెక్క ఉన్నది. వద్దంటే అదే చేస్తది," అంది యమునక్క ఓంప్రకాశ్ గారితో. ఎవరూ నవ్వలేదు. గోడ గడియారంలో నాలుగు కావస్తోంది.

చాచా తెర దగ్గరికి కుర్చీ జరుపుకున్నాడు. ఆ రెండు సూర్యుళ్లనూ మార్చి మార్చి చూశాడు.

"బేటా, వద్దనుడు దానికి సమజ్ అయితలేదు. పేరు వినంగనే గీస్తాంది. సూర్యుని పేరే ఎత్తకు. నీడలు చెప్పు."

"నీడలా చాచా?"

"గోడ మీద రాసేటప్పుడు మేం నీడలు చూసే ఎండ ఎటున్నదో గుర్తుపడ్తుంటిమి. ట్యాంకు నీడ ఎనుకకు పడాలె. పిట్టగోడ నీడ ఎనుకకు పడాలె. గోడల ముందటి మొహాల మీద ఎండ తెల్లగ కొట్టాలె. ఇగ మనుషులు..." ఆగి యమునక్కను అడిగాడు. "బిడ్డా, పలకలను ఎత్తు మీద పెడ్తరు గదా, కింద మనిషి నడిచేటట్టు?"

"ఏడెనిమిది ఫీట్ల స్టాండు మీద పెడ్తం. కింద మిర్పకాయలు ఆరబోసుకుంటరు, కూసుంటరు."

"అయితే వాళ్లను కింద కూసోపెట్టు. పలకల కింద నీడన జంపఖానా పరిచి. అప్పుడు వాళ్ల నీడ పలకల మీదికి ఎట్ల ఎక్కుతది?"

నేను రాశాను. పక్క డాబా మీద నిలబడి కొంచెం పై నుంచి చూస్తున్నట్టు, ఎత్తైన స్టాండు మీద పలకలు చూసేవాళ్ల వైపు కొద్దిగా వాలి, వాటి కింద చారల జంపఖానా, తాత, తల్లి, పాప, పలకల మీద ఏ నీడా లేకుండా, ట్యాంకు దూరంగా, వెనుక, నీడలన్నీ వెనుకకు, పైన వట్టి నీలం. ఎక్కడా ఆ ఒక్క మాట రాలేదు.

బొమ్మ మెల్లగా తేటపడుతున్నంతసేపూ చాచా వేళ్లు బల్ల మీద కదులుతూనే ఉన్నాయి, కుంచె పట్టుకున్నట్టు.

ఆకాశం ఖాళీగా వచ్చింది. పలకలు వెలుగుకు ఎదురుగా ఉన్నాయి. తాత చేతికి ఆరు వేళ్లు వచ్చాయి. ఆ భాగం ఒక్కటే మళ్లీ గీయించాం. అక్షరాలు పెట్టి ప్రింటుకు పంపేసరికి నాలుగుంబావు దాటింది. మిషన్ తల అటూ ఇటూ తిరుగుతుంటే ఒక్కొక్క పట్టీ కిందికి దిగింది. ముందు ఆకాశం, తర్వాత పలకలు, చివర జంపఖానా అంచు.

యమునక్క బ్యానర్ దగ్గరికి వెళ్లి ట్యాంకు నీడ మీద వేలు పెట్టింది. అక్కడ నుంచి పిట్టగోడ నీడకు, స్టాండు కాళ్ల నీడలకు జరిపింది. పలకల మీద అరచేయి ఆనించింది. బయట వ్యాన్ హారన్ కొట్టింది.

"ఏ దిక్కని ఎవ్వలు అడిగినా ఇది చూపెట్టి చెప్తా," అంది చివరికి. "అన్నా, చుట్టియ్యి."

ఆమె వెళ్లిపోయాక చాచా టోపీ జేబులోంచి తీసి, సంచీ సర్దుకోవడం మొదలుపెట్టాడు. తడి గుడ్డతో బల్ల కూడా తుడిచాడు. ఇక రానివాళ్లు తుడిచినట్టు తుడిచాడు.

ఓంప్రకాశ్ గారు మొదటి ఫ్లెక్సీని మడతపెట్టి ఆయన ముందు పడేశాడు. "ఇది ఇంటికి తీస్కపో. నీ వంటింటి రేకులు కురుస్తానయ్ అంటివి గదా, కప్పుకో."

చాచా దాన్ని చంకలో పెట్టుకుని గుమ్మం దాకా నడిచాడు.

"ఖాజా భాయ్."

ఆగాడు.

"రేపు జర జల్ది రా. ఐస్‌క్రీం బండోనికి బ్యానర్ కావాల్నట. వాని బొమ్మల ఎండ ఎటు కొట్టాల్నో ఆ పిల్లకేం తెలుస్తది?"

చాచా నావైపు చూశాడు. నేను "తెలవదు చాచా" అన్నాను.