ఆయా చెప్పింది చెప్పినట్టు

జంషెడ్‌పూర్‌లో నేను పాఠాలు చెప్పిన తెలుగు బడిలో ఒక ఆయా ఉండేది. ఒక మధ్యాహ్నం, బడి విడవకముందే కూతుర్ని తీసుకుపోతానని ఒక తండ్రి వచ్చాడు. హెడ్మాస్టారి చీటీ లేనిదే పిల్లను పంపనని ఆయా గేటు దగ్గర అడ్డం నిలబడింది. అతను చెప్పు తీసి ఎత్తాడు. ఆమెనూ, చచ్చిపోయిన ఆమె మొగుణ్ణీ కలిపి నోటికొచ్చినట్టు తిట్టాడు. "సాక్చి బజార్లో కనబడితే కాళ్లిరగ్గొడతాను" అన్నాడు.

బడి కమిటీకి ఫిర్యాదు పంపాలి, ఆయా చెప్పింది చెప్పినట్టు రాయమని హెడ్మాస్టారు నాకు అప్పగించారు. ఆమెకు చదువు రాదు. ఒక్క తిట్టూ మింగకుండా చెప్పింది. నా చెయ్యే సాగలేదు. టీచరమ్మని, అలాంటి మాటలు నా దస్తూరీలో ఉండొచ్చా! "తండ్రిగారు దుర్భాషలాడి బెదిరించారు" అని రాసేశాను. తిట్టినవాడికి 'గారు' కూడా తగిలించాను. మర్యాదట, నా మొహం మర్యాద! చదివి వినిపించకుండానే ఆమె చేత వేలిముద్ర వేయించాను.

వారానికి కమిటీ జవాబొచ్చింది. ఏదో మాటా మాటా పెరిగినట్టుంది, ఇద్దరూ సర్దుకుపోవాలట.

హెడ్మాస్టారు ఆ సంగతి చెప్పాక ఆయా నా క్లాసు గుమ్మం దగ్గరికొచ్చింది.

"నాను సెప్పిందంతా రాసినారు గదా, అమ్మగోరూ?"

నిజం చెప్పడానికి నోరు రాలేదు. "రాశాను" అన్నాను.



"అయితే, అయ్యన్నీ సదివి కూడా ఆలకి ఏటీ అనిపించనేదా?"