గ్రేస్ టీచరు సంజాయిషీ

నల్గొండలో కలెక్టరు కార్యాలయం ఎదుట అర్జీలు వ్రాసే బిక్షం గారు ముప్పై ఏండ్లు ఉత్తరాలకు నకళ్లు తీసిన గుమాస్తా. విషయమెంత ఉన్నా ఒకే వాక్యంగా, ఒకే క్రియతో ముగించడం ఆయన నియమం.

ఆనాడు మర్రిగూడ వైపు నుండి అంగన్‌వాడీ టీచరు గ్రేస్ వచ్చింది. ఒక పాప కేంద్రం దాటి రోడ్డు మీదికి వెళ్ళినందుకు ఐదింటిలోగా సంజాయిషీ ఇవ్వాలి. లేకుంటే ఉద్యోగం పోతుంది. నాలుగున్నర దాటింది.

ఆమె చెప్పినది విని బిక్షం గారు వ్రాసి చదివారు: "గేటు మూసి, పిల్లలకు అన్నం పెట్టి, తిరిగి గేటు తీసి, మూయక ఆయా నీళ్లకు వెళ్ళినది."

"జర ఆగుండ్రి సార్! గేటు మూసింది నేను, అన్నం పెట్టింది నేను. గిండ్ల నేనేడున్న? అన్ని ఆయానే చేసినట్టుంది. టీచర్ ఇంట్ల పండుకున్నదా అంటరు!"

చివరి క్రియ ఎవరిదో ముందరి పనులన్నీ వారివే అవుతాయి. అది ఆయనకు తెలియనిది కాదు. కాగితం చింపి, "నేను గేటు మూసి, పిల్లలకు అన్నం పెట్టినాను" అని చుక్క పెట్టి, ఆయా సంగతి వేరే వాక్యంగా వ్రాశారు.

ఐదింటికి ఐదు నిమిషాలుండగా గ్రేస్ కార్యాలయం మెట్లెక్కింది. అందినట్టు ముద్ర పడిన నకలుతో ఆమె తిరిగి వచ్చేదాకా ఆయన మరో అర్జీ ముట్టలేదు.