వంతు అనే మాట

తూకాన్ని సరిచూసుకోనిదే నమ్మకపోవడం ఉషశ్రీకి చిన్నప్పుడే అలవాటైంది. ఆమె తండ్రి వీరయ్యకు సూర్యాపేటలో ధాన్యం కొట్టు ఉండేది. రోజూ కొట్టు తెరవగానే ఖాళీ కాటా ముల్లు సున్నా మీద నిలిచిందో లేదో చూడటం ఆమె పని. ముల్లు వెంట్రుకవాసి పక్కకు జరిగినా ఆ రోజు తూచే ప్రతి బస్తాలోనూ అదే తప్పు ఉంటుందని ఆయన చెప్పేవాడు. ఇప్పుడామెకు నలభై మూడేళ్లు. అదే ఊరి డిగ్రీ కాలేజీలో రసాయన శాస్త్రం చెబుతుంది. ఉత్తరం రాస్తే మూడుసార్లు చదవనిదే కవరు అంటించదు.

ఆ ఆదివారం ఆమె పదహారు మంది ఫ్రిజ్, ఏసీ మెకానిక్‌లకు దుబాసీగా కూర్చుంది. శిక్షణ కాలేజీ ప్రయోగశాలలోనే జరిగింది. శిక్షకుడి పాఠమంతా ఇంగ్లీషులో ఉంది. విషయం ఆర్-22 అనే శీతలీకరణ వాయువు. అది ఓజోన్ పొరను హరిస్తుంది, భూమిని వేడెక్కిస్తుంది. మాంట్రియల్ ఒప్పందం ప్రకారం దాని వాడకాన్ని సంపన్న దేశాలు 2020కల్లా, మన వంటి దేశాలు 2030కల్లా దాదాపు పూర్తిగా మానుకోవాలి. ఎక్కువ పాడుచేసినవారు ముందు మానాలి, వెనుక వచ్చేవారి మార్పు ఖర్చుకు ధనం ఇవ్వాలి. అంతర్జాతీయ ఒప్పందాలలో ఈ పద్ధతిని ‘ఉమ్మడి, కానీ తారతమ్యంతో కూడిన బాధ్యత’ అంటారని ఆమె వివరించింది. పదేళ్ల తేడాను చెప్పేటప్పుడు నోటికి వచ్చిన మాట ‘మినహాయింపు’. “మనకు 2030 దాకా మినహాయింపు ఉంది” అన్నది. అందరూ రాసుకున్నారు.

సోమవారం ఉదయం తొమ్మిదిన్నరకు ఆమె అభిప్రాయ పత్రాలు ముందు వేసుకున్నది. ‘మీరు నేర్చుకున్నది ఏమిటి?’ అన్న ప్రశ్నకు పదకొండు మంది దాదాపు ఒకే జవాబు రాశారు. కోదాడ మెకానిక్ తిరుపతి పత్రంలో అది మరీ స్పష్టంగా ఉంది: ‘2030 వరకు గ్యాస్ గాలిలోకి వదిలితే మనకు తప్పు లేదు. పాడుచేసిన దేశాలే కట్టాలి.’

ఆమెకు కాటా ముల్లు గుర్తొచ్చింది. మినహాయింపు అంటే బాధ్యత లేకపోవడం. ఒప్పందం ఇచ్చింది గడువు మాత్రమే. వాయువును గాలిలోకి వదలవద్దని శిక్షకుడు అదే రోజు మధ్యాహ్నం చెప్పాడు, ఆమే తెలుగులోకి మార్చింది. కానీ పొద్దుటి మాట ముందు మధ్యాహ్నపు మాట నిలబడలేదు.

తిరుపతికి ఫోన్ చేసింది.

“మునగాల దగ్గర పాల సెంటర్ల ఉన్నా మేడం. పాల కూలర్ కంప్రెసర్ పోయింది. పదకొండింటికి పైపు కోసి గ్యాస్ వదిలేస్తా.”

“వదలకండి. నేను వస్తున్నాను.”

“మీరెందుకండీ ఇంత దూరం?”

ఫోన్ పెట్టేసి ఆమె ప్రిన్సిపాల్ అనుమతి అడిగింది. ప్రయోగశాలలో ఉన్న, వాయువును తిరిగి పట్టే రికవరీ యంత్రాన్ని, ఖాళీ సిలిండరును ఆటోలో పెట్టించింది. హైవే మీద ముప్పై కిలోమీటర్లకు పైగా ఆమె గడియారం చూసుకుంటూనే ఉన్నది.

వెయ్యి లీటర్ల ఉక్కు తొట్టి పక్కన తిరుపతి చేతిలో పైపు కోసే కత్తెరతో నిలబడి ఉన్నాడు. సమయం పదకొండూ పది. సెంటరు నడిపే పుష్పాబాయి గుమ్మంలోనే అడ్డు తగిలింది.

“ఏందమ్మా, పనాపిచ్చినవట? సాయంత్రం అయిదున్నరకు మా తండా పాలు వస్తయి. సల్లగాకపోతే డెయిరీ బండోడు ఎక్కించుకోడు. నలభై ఇండ్ల పాలు మోరీల పోయాల్నా?”

“గ్యాస్‌ను సిలిండర్‌లోకి పట్టడానికి నలభై నిమిషాలు చాలు” అన్నది ఉషశ్రీ.

“ఆ నలభై నిమిషాలే నాకు లేవండీ” అన్నాడు తిరుపతి. “కంప్రెసర్ మార్చాలి, అతుకు పెట్టాలి, వాక్యూమ్ చెయ్యాలి. అయినా మినహాయింపు అని చెప్పింది మీరే కదా! ఎవడు ఖరాబు చేసిండో వాడే కట్టాలన్నదీ మీరే.”

“ఆ మాట నేను తప్పు చెప్పాను. ఆలస్యంగా మానుకోవచ్చని మాత్రమే దాని అర్థం. వదలవచ్చని కాదు.”

“ఖరాబు చేసినోడే కట్టుడు అనేది?”

పాడుచేసినవారే కట్టాలన్న సూత్రం వేరు, ఒప్పందం కింద ఏర్పడిన మాంట్రియల్ నిధి వేరు అని ఆమెకు తెలుసు. నిధికి సంపన్న దేశాలు ఇచ్చేది ఐక్యరాజ్యసమితి చందా నిష్పత్తిని బట్టి. ఎవరు ఎంత వాయువు వదిలారో తూచి కాదు.

“దేశాల లెక్క అంత తిన్నగా లేదు, అదీ చెప్పవలసింది. కానీ ఈ కూలర్‌లోని అయిదు కిలోలు మీరు వదిలితే పాడుచేసేవారు ఎవరు?”

తిరుపతి కత్తెర వైపు చూశాడు. “ఈ మిషన్ ఎవరిది?”

“ఆ నిధి ధనంతోనే శిక్షణ కోసం వచ్చింది.”

“అంటే వాళ్లు కట్టిందే!” అని నవ్వాడు. “ఇదివరకే చెప్పొద్దూ?”

పుష్పాబాయి ఇద్దరి మాటలూ విని విసుక్కుంది. “గిది సాగర్ కాల్వ నీళ్ల ముచ్చటే గదా! పైనోళ్ల వంతు ముందు, మా కిందోళ్ల వంతు ఎనక. ఎనకొచ్చిందని మేం కట్ట తెంపుకుంటమా? జల్ది కానీ తిరుపతన్నా, నిలవడి సూస్తవేంది!”

ఉషశ్రీ సంచిలోని పుస్తకం తీసి ఆ ఒక్క మాట రాసుకున్నది. వంతు. వాటా అనీ అర్థమే, వరుస అనీ అర్థమే.

యంత్రాన్ని కూలర్‌కు తగిలించారు. తిరుపతి సిలిండరును తన కాటా మీద పెట్టబోతే ఆమె ఖాళీ కాటా అంకెను ముందు సున్నా చేయమన్నది. ముప్పై ఆరు నిమిషాలకు నాలుగు కిలోల ఎనిమిది వందల గ్రాములు చేరాయి. తీసిన కంప్రెసర్‌లోని నూనెను అతడు పరీక్షించాడు. ఆమ్లం లేదు. మోటారు కాలితే నూనెలో ఆమ్లం చేరుతుంది; ఇక్కడ కాలలేదు, లోపలి వాల్వు విరిగింది. అందువల్ల వాయువును వడగట్టి అదే కూలర్‌లో తిరిగి నింపవచ్చు. అప్పుడతడు మెల్లగా ఒప్పుకున్నాడు: “నా దగ్గర ఉన్న కొత్త గ్యాస్ రెండు కిలోలే మేడం. మిగతాది కోదాడలో దొరుకుద్దనుకున్నా. ఇందాక ఫోన్ చేస్తే స్టాక్ లేదన్నారు.”

కొత్త కంప్రెసర్ నాలుగూ ఇరవైకి తిరిగింది. అయిదున్నరకు క్యాన్లు వచ్చాయి. ఆరున్నరకు తొట్టిలోని పాలు ఏడు డిగ్రీలు. నాలుగుకు దిగేవరకూ పుష్పాబాయి థర్మామీటరు దగ్గర నుంచి కదలలేదు. దిగాక ఒక గ్లాసు టీ ఉషశ్రీ చేతిలో పెట్టి, “పరేషాన్ చేసినవ్ గానీ, మంచిగైంది” అన్నది.

యంత్రాన్ని ఎక్కించుకుని తిరిగి వెళ్లే బస్సులో ఆమె మిగిలిన పదిహేను మందికీ ఒక్కొక్కరికి ఫోన్ చేసింది. ‘మినహాయింపు’ కొట్టేసి ‘వంతు’ అని రాసుకోమన్నది, గ్యాస్ వదలవద్దన్నది. పద్నాలుగు మంది సరేనన్నారు. చివరి నంబరు మిర్యాలగూడ మత్తయ్యది.

“అయ్యో మేడం, పొద్దుగాలనే ఒక రైస్ మిల్లు ఆఫీసుల ఏసీ గ్యాస్ ఇడిసిపెడితిని. మీరు చెప్పిన్రు గదా, తప్పు లేదని.”

“ఎంత?”

“కిలోన్నర ఉంటది.”

వచ్చే ఆదివారం జరిగే రెండో క్లాసులో ముందుగా ఆ తప్పు తానే చెబుతానన్నది. ఫోన్ పెట్టాక పుస్తకం తెరిచి ‘వంతు’ అన్న మాట కింద రాసింది: ఒకటిన్నర కిలో, మిర్యాలగూడ, నా మాట వల్ల. బస్సు కుదుపుకు అక్షరాలు వంకర పోయాయి. వాటిని కొట్టేసి మళ్లీ తిన్నగా రాసింది.