శివారు లైనులో ప్రత్యక్ష ప్రసారం

మా నాన్నకు కాలువ శివారున ఎకరన్నర పొలం ఉండేది. శివారంటే కాలువ చివర. పైనున్న చేలన్నీ తాగాక మిగిలిన నీళ్లే మాకు. అందుకే లెక్కలు నాకు బళ్లోకన్నా గట్టు మీదే ఎక్కువ వచ్చాయి. క్యూసెక్కులంటే ధార, టీఎంసీలంటే కుండ. పదకొండు వేల చిల్లర క్యూసెక్కులు ఒక పగలూ ఒక రాత్రీ పారితే ఒక టీఎంసీ అవుతుందని పేపరు చూసి నేనే లెక్క కట్టుకున్నాను. ధార సన్నమైనా సరే, ఎంతసేపు పారుతుందో తెలిస్తే కుండ నిండేదీ లేనిదీ చెప్పొచ్చు.

ఇంట్లో ఇంటర్నెట్ పెట్టించినప్పుడు నాకు కొత్తగా నేర్చుకోవలసింది పెద్దగా లేకపోయింది. వేగం క్యూసెక్కులు, డేటా టీఎంసీలు. ఒక్క మెలిక ఉంది. వేగాన్ని బిట్లలో చెబుతారు, డేటాను బైట్లలో కొలుస్తారు. ఎనిమిది బిట్లు కలిస్తే ఒక బైటు. సెకనుకు ఒక ఎంబీ లైనంటే సెకనుకు ఒక ఎంబీ వస్తుందని చాలామంది అనుకుంటారు. నిజానికి వచ్చేది అందులో ఎనిమిదో వంతే.

మేముండేది ఇబ్రహీంపట్నంలో, కింది వాటాలో. నేను రోజూ గవర్నర్‌పేటలో కాగితాల హోల్‌సేల్ కొట్టుకు వెళ్లివస్తాను. మా లైను ఇరవై ఎంబీలది, నెలకు మూడు వందల జీబీలు. అవి అయిపోతే లైను తెగదు గాని ఒక్క ఎంబీకి పడిపోతుంది. రెండేళ్లలో ఏ నెలా సగం కూడా వాడలేదు. అలాంటిది మా అత్తగారు వచ్చిన నెల, గడువుకు వారం ముందే లైను ఒక ఎంబీకి పడిపోయింది.

ఆవిడ తుంటి ఎముక విరిగి, ఆపరేషనయ్యాక మా దగ్గరికి వచ్చారు. ఆటోలో గుడి దాకా, అంటే మా చర్చి దాకా, వెళ్లొచ్చుగాని రైలు ప్రయాణం కుదరదన్నాడు డాక్టరు. అదే ఆవిడ బెంగ. మా మరదలు, అంటే ఆవిడ చిన్న కూతురు, సిస్టర్ల మఠంలో చేరి తొమ్మిదేళ్లయింది. ఇక జీవితాంతం అక్కడేనని పీఠాధిపతుల ముందు, అంటే బిషప్పు గారి ముందు, మాట ఇచ్చే పూజ మరుసటి నెలాఖరున ఉంది. మఠం విశాఖ మన్యంలో. మా ఆవిడ వెళ్తుంది, అత్తగారు వెళ్లలేరు. మఠం వాళ్లు నెట్‌లో ప్రత్యక్షంగా చూపిస్తామన్నారు. ఆ రోజు మా డేటా గడువు ఆఖరి వారంలో పడింది.

"బాబూ, ఆ రోజు బొమ్మ వస్తుందా?" అని అడిగారు అత్తగారు.

"రప్పిస్తానండీ," అన్నాను.

అన్నాక కొత్త నెల మొదటి రోజునుంచే పొద్దున, సాయంత్రం కేబుల్ నెట్ వాళ్ల యాప్‌లో మిగులు చూడడం మొదలుపెట్టాను. రోజుకు పద్నాలుగు జీబీల దాకా పోతోంది. నా అనుమానం మా ఆవిడ ఫోను మీదికి పోయింది. ఆమె సినిమాలు చూసే యాప్‌లో నాణ్యతను 480కి దించాను. డేటా సేవర్ పెట్టాను.

"ఏవండీ, హీరో మొహం పిండి బొమ్మలా ఉంది. మీకు సంతోషమేనా?"

"కథ తెలుస్తోందిగా."

"పెళ్లిచూపులకి కూడా ఇలాగే మసగ్గా చూశారా నన్ను?"

మర్నాడూ అదే పద్నాలుగు. ఆమె రెండు రోజులు ఫోను పక్కన పెట్టేసింది, పంతానికి. అప్పుడూ పదమూడు. ఎక్కడో గండి ఉంది.

కాలువకు గండి ఎక్కడుందో తెలియకపోతే ఒకటే పద్ధతి. తూములన్నీ మూసి నీటిమట్టం చూడాలి. ఇంట్లో మనుషులుండగా తూములన్నీ మూయడం కుదరదు. అందుకే మూడో వారం చివర ఆదివారం పెట్టుకున్నాను. యాప్ తెరిచి చూస్తే ఆరు జీబీలు మిగిలి ఉన్నాయి. ముగ్గురం ఆటోలో గుడికి వెళ్లాం, ఫోన్లన్నీ మాతోనే వచ్చాయి. పూజయ్యాక పటమటలో మా వదినగారింట్లో భోజనం చేసి వచ్చేసరికి సాయంత్రమైంది. యాప్ తెరిచాను. మిగులు సున్నా. లైను ఒక ఎంబీకి పడిపోయిందని మెసేజ్ కూడా ఉంది.

ఇంట్లో మనిషి లేడు, నీళ్లు మాత్రం పారాయి.

టీవీ ఆపేసి ఉంది. దాని వెనక గుచ్చిన, నెట్ బొమ్మను టీవీలోకి తెచ్చే స్టిక్ మీద చెయ్యి వేశాను. వెచ్చగా తగిలింది. టీవీ ఆన్ చేయగానే, మీట నొక్కే పనే లేకుండా, అత్తగారు చూసే ఇరవై నాలుగ్గంటల ప్రార్థన చానెల్ వచ్చింది. తునకలు తునకలుగా, ఆగి ఆగి.

"అత్తయ్యగారూ, పొద్దున దీన్ని ఎలా ఆపారు?"

"టీవీ రిమోట్‌తోనే. ఎర్ర మీట నొక్కాను."

"స్టిక్ తాలూకు ఈ చిన్న రిమోట్‌తో ఆపలేదా?"

ఆవిడ నావైపు వింతగా చూశారు. "దాంతో ఆపితే ఆ ఫాదర్ గారి మాట సగంలో తెగిపోతుంది బాబూ. ప్రార్థన మధ్యలో గొంతు నొక్కుతామా ఎక్కడైనా? నేను కళ్లు మూసుకుంటాను, ఆయన చదువుకుంటాడు."

ఎర్ర మీట టీవీ తెరనే ఆర్పుతుంది. స్టిక్‌కు కరెంటు వేరే ప్లగ్గులోంచి వస్తుంది. నేను పడుకునేముందు ప్లగ్గులన్నీ ఆపేదాకా అది ఎవరూ చూడని ప్రార్థనను 720లో దించుకుంటూనే ఉంటుంది. గంటకు జీబీ పైచిలుకు, రోజుకు పదకొండు పన్నెండు గంటలు. లెక్క సరిపోయింది. నేను మార్చిన సెట్టింగు మా ఆవిడ యాప్‌కే పరిమితం, ఈ చానెల్‌కు అంటలేదు. గండి కనిపెట్టానుగాని, కనిపెట్టడానికే ఆఖరి ఆరు జీబీలు పోయాయి.

మా ఆవిడ నవ్వి నవ్వి కుర్చీలో కూలబడింది. "నన్నేమో దొంగను చేశారు. మా అమ్మ దేవుడితో కలిసి తాగేసిందిగా!"

అత్తగారు నవ్వలేదు. "అయితే బాబూ, నా మూలంగానే చిన్నదాన్ని చూడలేనా?"

పూజ శనివారం. డేటా కొత్తగా వచ్చేది ఆ తరవాతి బుధవారం. కేబుల్ అతనికి ఫోను చేశాను. "ప్లాను పెంచుతాను సార్, కాని వచ్చే బిల్లు నుంచే," అన్నాడు. ఫోను డేటాతో చూద్దామంటే కింది వాటాలో సిగ్నల్ ఒక గీతే. ఉన్నది ఒక ఎంబీ. శివారులో ఏ ఏడూ నిండు కాలువ చూడలేదు మేము, అయినా చేను పండించాం. దీంతోనే నడపాలనుకున్నాను.

ఆ వారమంతా ప్రార్థన చానెల్ మీదే ప్రయోగాలు. నాణ్యతను 'ఆటో'లో వదిలితే అది ఆశకు పోయి పై మెట్టెక్కుతుంది, అందక కింద పడుతుంది, ప్రతిసారీ చక్రం తిరుగుతుంది. 480 సెకనుకు ఒకటింపావు ఎంబీకి కొంచెం తక్కువ తాగుతోంది, మా లైనుకు మించి. 360 అయితే ముప్పావు లోపే. ఇంట్లో ఫోన్లన్నీ వైఫై నుంచి తీసేసి 360కి బిగిస్తే గంటసేపు ఎక్కడా ఆగలేదు. అత్తగారికీ కొత్త నియమం పెట్టాను. చూడడమయ్యాక సిలువ గుర్తు వేసుకుని, చిన్న రిమోట్ మీద ఇల్లు బొమ్మ నొక్కాలి.

"ఆమెన్ ఎవరు చెబుతారు?" అన్నారావిడ.

"మీరే చెప్పండి."

శుక్రవారం మా ఆవిడ రైలెక్కుతూ చెప్పింది: "అమ్మకి కనబడకపోతే మీరు లెక్కలు చెప్పకండి. ఆవిడకి లెక్కలక్కర్లేదు, పిల్ల మొహం కావాలి."

శనివారం పొద్దున అత్తగారు గంజి పెట్టిన తెల్లచీర కట్టుకుని టీవీకి ఎదురుగా కూర్చున్నారు. 360లో బొమ్మ ఆగకుండా వస్తోంది. ధ్వని తేటగా ఉంది, నాణ్యత దించినా మాటకు లోటు రాదు. పీఠాధిపతులు ఒక్కొక్కరి పేరు పిలిచారు. ఐదుగురు అమ్మాయిలు ఒకరి తరవాత ఒకరు "ఇదిగో వచ్చాను" అన్నారు. మూడో గొంతు వినగానే అత్తగారి చెయ్యి నా మణికట్టు పట్టుకుంది.

"అదే! ఏదీ, ఎక్కడ?"

తెర మీద ఐదు తెల్లటి మరకలున్నాయి. మొహాల చోట గోధుమరంగు చుక్కలు. ఫోనులో పెట్టి చూపిస్తే బొమ్మ నున్నగానే ఉందిగాని, చిన్నదైపోయి ఆవిడ కళ్లకు అసలే ఆనలేదు. మళ్లీ టీవీకే వచ్చాం.

"పెద్దది చెయ్యలేవా బాబూ, ఒక్కసారి?"

480 పెడితే మొహం తెలుస్తుంది, కాని సరిగ్గా మాట ఇచ్చే వేళకు చక్రం తిరగొచ్చు. ఆ క్షణం పోతే మళ్లీ రాదు. నాన్న నాట్ల ముందు చేసే పని గుర్తొచ్చింది. ధార చాలనప్పుడు చేలోకి నీళ్లు పోయే మడవ కట్టి, పక్క గుంటలో నీళ్లు నిలవ చేసి, అప్పుడు ఒక్కసారి వదిలేవాడు.

"అత్తయ్యగారూ, ఒక దారి ఉంది. 480 పెట్టి ఒక నిమిషం ఆపితే, ఆగి ఉండగానే లోపల యాభై సెకన్ల బొమ్మ పోగవుతుంది. ఆ నిలవ కొంచెం కొంచెంగా కరిగేసరికి ఐదు నిమిషాలు పడుతుంది. మనం అసలు దానికన్నా నిమిషం వెనక ఉంటాం, అంతే. అయితే ఎప్పుడు ఆపాలో నాకు తెలీదు. తొందరపడి ఆపితే చిన్నమ్మాయి వంతు వచ్చేలోపే నిలవ అయిపోతుంది."

"ఆపడమా?" అన్నారావిడ. చెయ్యి వెనక్కి తీసుకున్నారు.

తెర మీద ఐదుగురూ, ఆ పూజ పద్ధతి ప్రకారం, నేల మీద బోర్లా పడుకున్నారు. పునీతుల పేర్లు పాడుతుంటే గుడంతా "మా కొరకు వేడుకొనండి" అంటోంది. అత్తగారి పెదవులూ కదులుతున్నాయి. చిన్న రిమోట్ ఒళ్లో పెట్టుకున్నాను. ఎంత లెక్క కట్టినా ఆ మీట నొక్కడం నా పని కాదు.

పాట చివరికొస్తుండగా ఆవిడే అన్నారు: "ఇదయ్యాక పీఠాధిపతుల వారు చేతులు చాపి ఒక ప్రార్థన చదువుతారు. తరవాత వరసగా మాట ఇవ్వడమే. పిల్ల మూడోది. నీ ఐదు నిమిషాలకి సరిపోతుందా?"

"ఒక్కొక్కరికి ఎంతసేపు?"

"చిన్న కాగితం చదవడమే."

"సరిపోతుంది."

"అయితే ఆ సంఖ్య మార్చి, ఇటివ్వు."

480 చేసి చిన్న రిమోట్ ఆవిడ చేతిలో పెట్టాను. పీఠాధిపతులు లేచి చేతులు చాపారు. అత్తగారు నుదుటి మీద, గుండె మీద, భుజాల మీద సిలువ గుర్తు వేసుకున్నారు. "ప్రభువా, నీ పెద్దాయన్నే ఆపుతున్నాను, ఏమనుకోకు," అని మీట నొక్కారు.

చాపిన చేతులు అలాగే నిలిచిపోయాయి. ఇంట్లో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. కింది గీత మీద నిలవ చూపించే బూడిదరంగు పట్టీ మెల్లగా ముందుకు జరుగుతోంది. నేను దాన్నే చూస్తున్నాను. ఆవిడ నన్ను చూస్తున్నారు.

"ఇప్పుడు," అన్నాను.

పీఠాధిపతుల చేతులు కదిలాయి. ఆయన మొహం మీద ముడతలు కూడా తెలుస్తున్నాయి. మొదటి అమ్మాయి చదివింది, రెండో అమ్మాయి చదివింది. పట్టీ తగ్గుతోంది. మూడో అమ్మాయి మోకరించి తల ఎత్తగానే కెమెరా దగ్గరికి వెళ్లింది. కళ్లద్దాలు, కుడి కనుబొమ మీద చిన్ననాటి దెబ్బ మచ్చ. చదివింది. ఎక్కడా చక్రం తిరగలేదు.

అత్తగారు కళ్లు తుడుచుకోలేదు, తుడుచుకుంటే ఆ కాస్తసేపూ కనబడదని కాబోలు.

"చిక్కిపోయింది బాబూ," అన్నారు. "అక్కడ మజ్జిగ పోస్తారో లేదో."

నాలుగో అమ్మాయి లేచింది. పట్టీ దాదాపు అయిపోవచ్చింది. ఇంకో నిమిషం ఆపి మళ్లీ నిలవ చేద్దామా అని అడగబోయాను. ఆవిడే రిమోట్ నా చేతికిచ్చేశారు.

"తగ్గించెయ్యి బాబూ. మన వంతు అయిపోయిందిగా. ఇక వీళ్లని మధ్యలో ఆపొద్దు."

360కి దించాను. తెల్లటి మరకలు మళ్లీ వచ్చాయి. పూజ ముగిసే వరకూ ఆవిడ కదలకుండా కూర్చుని, ఆఖరున "ఆమెన్" అని పైకే అని, ఇల్లు బొమ్మ ఏదో చూపించమన్నారు.